ఆరో పేజీలో దాగిన జవాబు

ప్రశ్న: లా పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక సీనియర్ న్యాయవాది దగ్గర జూనియర్‌గా చేరి పది నెలలైంది. చెక్ బౌన్స్ వ్యవహారం మీద ఏడు పేజీల మెమో రాసి ఇచ్చాను. సీనియర్ గారు మొదటి పేజీ చూసి, "ప్రశ్న ఏది, జవాబు ఏది?" అని తిప్పి ఇచ్చేశారు. జవాబు ఆరో పేజీలో ఉంది. సంగతులు చెప్పకుండా ముందే జవాబు పెడితే చదివేవారికి ఏం అర్థమవుతుంది? పైగా తప్పు జవాబు మొదటి పేజీలోనే రాసి దొరికిపోతానేమోనని భయం. ఎలా రాయాలో దయచేసి చెప్పండి.
— ఒక జూనియర్ న్యాయవాది, హైదరాబాద్

సమాధానం: మొదటి పేజీలో ప్రశ్న, దాని కిందనే రెండు మూడు వాక్యాల్లో జవాబు, ఆ తరువాత సంగతులు, చివర చట్టపరమైన చర్చ: మెమోకు ఇదే సరైన వరుస. సంగతులు తెలియనిదే జవాబు అర్థం కాదన్న మీ మాటలో నిజం ఉంది. అందుకే జవాబును నిర్ణయించే ఒకటి రెండు సంగతులను ప్రశ్నలోనే ఇమడ్చాలి. మిగిలిన సంగతులు తమ వంతు వచ్చేదాకా ఆగుతాయి.

మనకు ఈ వరుస అలవాటు కాకపోవడానికి కారణం ఉంది. లా కాలేజీ నుంచి కోర్టు దాకా మనం ఎక్కువగా చదివేవి ప్లెయింట్లు, తీర్పులు. ప్లెయింట్‌లో సంగతులు ముందు, కోరే ఉపశమనం చివర. తీర్పులో కూడా కథంతా నడిచాక, ఎక్కడో చివరి పేరాలో అప్పీలు కొట్టివేసినట్టు తెలుస్తుంది. మెమో రాయమనగానే చేయి ఆ దారినే పోతుంది. నిజానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డర్ 4వ రూలు తీర్పులో ఏమేం ఉండాలో చెప్పేటప్పుడు వ్యాజ్య సంగ్రహం, తేల్చవలసిన అంశాలు, వాటిపై నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు అంటూ వరుసగా పేర్కొంటుంది. అక్కడ కూడా నిర్ణయాన్ని కారణాల కన్నా ముందే ప్రస్తావించారు. మనం మాత్రం కారణాలన్నీ ఏకరువు పెట్టి నిర్ణయాన్ని చివరికి దాచుకుంటాం. ప్రశ్న, సంక్షిప్త సమాధానం అనే రెండు శీర్షికలతో మెమో మొదలుపెట్టడం అమెరికా లా స్కూళ్లలో మొదటి ఏడాదిలోనే నేర్పే పద్ధతి. అక్కడి సుప్రీంకోర్టు తన 14వ రూలులో పిటిషన్ అట్ట తీయగానే వచ్చే పేజీలో ప్రశ్నలే ఉండాలనీ, ఆ పేజీలో మరే సమాచారమూ ఉండరాదనీ నిర్దేశించింది. కోర్టుకు ఇచ్చే పిటిషన్‌లో జవాబు ఉండదు, అది కోర్టు చెప్పవలసింది. ఆఫీసు మెమోలో మాత్రం జవాబు చెప్పవలసింది మీరే.

మీ మెమో నా ముందు లేదు కనుక అదే కోవకు చెందిన ఒక ఊహాజనిత వ్యవహారాన్ని తీసుకుంటాను. మన క్లయింట్ టైల్స్ వ్యాపారి. 2024 నవంబరులో ఒక బిల్డర్‌కు సరుకు ఇచ్చాడు. బిల్డర్ 2025 ఫిబ్రవరి 10 తేదీతో 6,40,000 రూపాయలకు చెక్కు రాసి ఇచ్చాడు. ఫిబ్రవరి 20న బిల్డర్ బ్యాంకు ద్వారా లక్ష రూపాయలు పంపాడు. మార్చి 3న క్లయింట్ ఆ చెక్కును పూర్తి మొత్తానికే బ్యాంకులో వేశాడు. ఖాతాలో డబ్బు చాలలేదన్న రిటర్న్ మెమో మార్చి 6న అతనికి అందింది. ఏప్రిల్ 4న రిజిస్టర్డ్ పోస్టులో 6,40,000 చెల్లించమని నోటీసు ఇప్పించాడు. బిల్డర్ దాన్ని ఏప్రిల్ 9న అందుకున్నాడు, డబ్బు కట్టలేదు, జవాబూ ఇవ్వలేదు. మే 19, సోమవారం నాడు క్లయింట్ ఫైలు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు.

సంగతులతో మొదలయ్యే మెమోలో ఇది ఎలా సాగుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను. మొదటి పేజీలో క్లయింట్ వ్యాపారం, జీఎస్టీ వివరాలు. రెండో పేజీలో ఇన్‌వాయిస్ నంబర్లు. మూడో పేజీలో తేదీల పట్టిక, అందులో ఒక వరుసగా "20-02-2025న రూ. 1,00,000 ముట్టినది". నాలుగు, ఐదు పేజీల్లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138, 142 సెక్షన్ల పాఠం యథాతథంగా. ఆరో పేజీలో గడువు లెక్క, దాని చివర "కావున ఫిర్యాదు గడువులోనే ఉన్నది, దాఖలు చేయవచ్చును". తేదీలు లెక్కపెట్టడం శ్రమతో కూడిన పని కనుక, ఆ లెక్క సరిపోగానే పని పూర్తయిందనిపిస్తుంది. మూడో పేజీలోని ఆ లక్ష రూపాయల వరుస ఎవరికీ గుర్తుండదు. కాలక్రమంలో చెప్పే కథలో ప్రతి తేదీకీ ఒకే బరువు ఉంటుంది, కేసును ముంచే తేదీ కూడా ఇన్‌వాయిస్ తేదీలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు అదే మెమోను ప్రశ్నతో మొదలుపెట్టి చూడండి. చాలామంది జూనియర్లు మొదటిసారి రాసే ప్రశ్న ఇలా ఉంటుంది: "ప్రస్తుత వ్యవహారంలో సెక్షన్ 138 కింద ఫిర్యాదు నిలుస్తుందా?" ఈ ప్రశ్న దేశంలోని ప్రతి చెక్ బౌన్స్ ఫైలుకూ సరిపోతుంది కనుక ఈ ఫైలు గురించి ఏమీ చెప్పదు. ఇది చాలదని చెబితే రెండోసారి దానికి వ్యతిరేక దిశలో పోతారు: సరుకు తేదీ, చెక్కు నంబరు, బ్యాంకు శాఖ, నోటీసు రసీదు, అన్నీ ఒకే వాక్యంలో కుక్కుతారు. అది తోక చేతికి చిక్కని వాక్యం, దాన్ని చదివే సీనియర్ మధ్యలోనే కర్తను మరిచిపోతాడు. ఏ సంగతి ప్రశ్నలోకి రావాలో తేల్చుకోవడానికి ఒక్కో సంగతినీ తీసేసి చూడండి. ఇన్‌వాయిస్ నంబరు తీసేసినా జవాబు మారదు, కనుక అది బయటే ఉంటుంది. లక్ష రూపాయలు ముట్టిన తేదీని మార్చి 3 తరువాతకు జరిపి చూడండి, జవాబు తలకిందులవుతుంది. ప్రశ్నలో ఉండవలసింది ఆ సంగతే.

ఆ పరీక్ష పెట్టాక మొదటి పేజీ ఇలా వస్తుంది. ఆఫీసులో మీరు దీన్ని ఇంగ్లీషులోనే రాస్తారు కాబోలు, వరుస మాత్రం ఇదే.

> ప్రశ్న 1. చెక్కు తేదీ తరువాత, దాన్ని బ్యాంకులో వేయడానికి ముందు, బిల్డర్ లక్ష రూపాయలు చెల్లించాడు. ఆ చెల్లింపును చెక్కుపై రాయకుండా పూర్తి 6,40,000 రూపాయలకే వేసిన చెక్కు బౌన్స్ అయితే అది సెక్షన్ 138 కింద నేరమవుతుందా?
>
> సంక్షిప్త సమాధానం. చాలావరకు కాదు. చెక్కు వేసిన నాటికి బాకీ 5,40,000 రూపాయలే, చెక్కు మొత్తం అంతకన్నా ఎక్కువ. ఇలాంటి చెక్కు విషయంలో నేరం ఏర్పడదని దశరథ్‌భాయ్ త్రికమ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయితే ఆ లక్ష ఈ బిల్లుకు కాక పాత బాకీకి జమ అయినట్టు క్లయింట్ ఖాతా పుస్తకం చూపితే జవాబు మారవచ్చు. ఖాతా పుస్తకం ఇంకా చూడలేదు.
>
> ప్రశ్న 2. ఏప్రిల్ 9న నోటీసు అందుకున్న బిల్డర్ డబ్బు కట్టనప్పుడు, ఫిర్యాదు దాఖలుకు చివరి రోజు ఏది?
>
> సంక్షిప్త సమాధానం. 2025 మే 25. అది ఆదివారం కనుక కోర్టు తెరిచే సోమవారం వేసినా చెల్లుతుంది, కానీ మే 23 శుక్రవారాన్నే మన గడువుగా పెట్టుకోవాలి.

మొదటి జవాబు వెనుక ఉన్న చట్టం చర్చ భాగంలో రెండు పేరాల్లో వస్తుంది. చెక్కు రాసిన నాడు ఎంత బాకీ ఉందన్నది ఒక్కటే చాలదు. దాన్ని సొమ్ము చేసుకోవడానికి బ్యాంకులో వేసిన నాడు చట్టప్రకారం వసూలు చేయదగిన బాకీ ఎంత ఉందో చూడాలని ఆ తీర్పు చెప్పింది. మధ్యలో కొంత చెల్లింపు జరిగి ఉంటే, అదే చట్టంలోని సెక్షన్ 56 ప్రకారం ఆ చెల్లింపును చెక్కుపై రాసి మిగిలిన మొత్తానికే చెక్కును వాడుకోవాలి. అలా రాసిన చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 వర్తిస్తుంది. మన క్లయింట్ అలా చేయలేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం చెక్కుకు మూడు నెలలే ప్రాణం, ఆఫీసుకు వచ్చేనాటికి ఆ మూడు నెలలూ దాటిపోయాయి కనుక ఇప్పుడు సరిదిద్ది మళ్లీ వేసే వీలు కూడా లేదు. మిగిలిన 5,40,000 కోసం సివిల్ దావా మార్గం మాత్రం మూసుకుపోలేదు, సరుకు ఇచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఈ చివరి వాక్యం కూడా సంక్షిప్త సమాధానంలో చేర్చదగినదే. "కాదు" అని చెప్పిన చోట "మరేం చేయాలి" అన్నది చదివేవారు వెంటనే అడిగే మాట.

రెండో జవాబు లెక్క ఇలా నడుస్తుంది. నోటీసు అందిన ఏప్రిల్ 9ని వదిలేసి, డబ్బు కట్టడానికి చట్టం ఇచ్చే పదిహేను రోజులు లెక్కిస్తే ఏప్రిల్ 24తో గడువు ముగుస్తుంది. 25న వ్యాజ్య కారణం పుడుతుంది. ఫిర్యాదుకు సెక్షన్ 142 ఇచ్చిన నెల రోజుల్లో ఆ పుట్టిన రోజును కూడా వదిలేయాలని ఈకాన్ ఆంత్రి కేసులో 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కనుక మే 25. ఈ లెక్క నాలుగు వాక్యాల్లో అయిపోయింది చూశారా? సంగతులతో మొదలైన మెమోలో ఇది ఒక పేజీ ఆక్రమించి, మెమోకు తానే ముగింపు అయి కూర్చుంది.

రెండు ప్రశ్నల్లో ఏది ముందు పెట్టాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. కాలక్రమం ప్రకారమో, చట్టంలోని సెక్షన్ల వరుస ప్రకారమో పెట్టవద్దు. ఏ జవాబు ప్రతికూలంగా వస్తే మిగిలిన ప్రశ్నలు అనవసరమవుతాయో దాన్ని ముందు పెట్టండి. ఇక్కడ నేరమే ఏర్పడకపోతే గడువు ఎప్పుడన్నది ఎవరికి కావాలి? అయినా రెండో ప్రశ్నను తీసేయకూడదు. మొదటి జవాబులో ఒక షరతు ఉంది, ఆ షరతు తేలడానికి ఎన్ని రోజులు మిగిలాయో చెప్పేది రెండో జవాబే.

ఇక మీ భయం గురించి. తప్పు జవాబు ఆరో పేజీలో ఉన్నా తప్పే. కాకపోతే ఫిర్యాదు దాఖలై, బిల్డర్ తరఫు న్యాయవాది బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించి క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టిన నాడు అది బయటపడుతుంది. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఒక మెమో చివరి పేరాలో "అయితే నోటీసు అందిన తేదీ నిర్ధారించుకోవలసి ఉన్నది" అని రాశాను. సీనియర్ కోర్టు హాలుకు వెళుతూ మొదటి రెండు పేజీలే తిరగేశారు. ఆ వాక్యం ఆయన కంట పడలేదు. నేను రాశాను గదా అన్న సమర్థన ఆ రోజు నాకే చెల్లనిదిగా తోచింది, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడని చోట రాసింది నేనే.

భయానికి మందు జవాబును దాచడంలో లేదు, అది ఎంత గట్టిదో నిజాయితీగా చెప్పడంలో ఉంది. నేను నాలుగే మెట్లు వాడతాను: అవును, చాలావరకు అవును, చాలావరకు కాదు, కాదు. గడువు లెక్కలాంటిదానికి మొదటి లేదా చివరి మెట్టు వాడవచ్చు. సుప్రీంకోర్టు తీర్పు ఉన్నా మన సంగతుల్లో ఒకటి ఇంకా తెలియనప్పుడు మధ్య మెట్లు వాడాలి. మధ్య మెట్టు వాడిన ప్రతిసారీ దాన్ని మధ్యలో నిలబెట్టిన కారణం పక్కనే ఉండి తీరాలి. పైన "ఖాతా పుస్తకం ఇంకా చూడలేదు" అన్న వాక్యం చేసిన పని అదే. "నిలవవచ్చు, నిలవకపోనూ వచ్చు, కోర్టు విచక్షణపై ఆధారపడి ఉంటుంది" అని రాస్తే అది జవాబు కాదు, ప్రశ్ననే మరో రూపంలో తిప్పి ఇవ్వడం.

ముందు వచ్చే ఈ భాగాన్ని ముందే రాసి ముగించాలని అనుకోకండి. ఫైలు చదివిన రోజే తాత్కాలికంగా ఒక జవాబు రాసి పెట్టుకోండి. పై వ్యవహారంలో మొదటి రోజు మీరు "గడువులో ఉంది, వేయవచ్చు" అనే రాసి ఉంటారు, తప్పులేదు. చర్చ రాస్తూ తీర్పులు చదివేటప్పుడు ఆ వాక్యం మీకు ఎదురుగా ఉంటుంది కనుక, ఏ తీర్పు దాన్ని కొట్టేస్తుందో వెంటనే తెలుస్తుంది. చర్చ పూర్తయ్యాక మొదటి పేజీని కొత్తగా రాయండి. ఇక్కడే ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది: చర్చ మారుతుంది, మొదటి పేజీలో పాత జవాబు అలాగే మిగిలిపోతుంది. అందుకే ఇచ్చే ముందు సంక్షిప్త సమాధానాన్నీ చర్చలోని ఆఖరి పేరానూ పక్కపక్కన పెట్టి చదవండి. చర్చలో "అయితే" అని మొదలైన ప్రతి వాక్యమూ పైన కనబడుతోందా? పైన వాడిన ప్రతి సంగతీ సంగతుల భాగంలో ఆధారంతో సహా ఉందా? జవాబు ముందుకు వచ్చినంత మాత్రాన సంగతుల భాగాన్ని కుదించి వదిలేయడానికి వీల్లేదు, ఆ జవాబు నిలబడేది వాటి మీదే. ఇన్‌వాయిస్ నంబర్లు, జీఎస్టీ వివరాలు అనుబంధంలోకి పోతాయి. ఫిబ్రవరి 20 చెల్లింపుకు మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ నంబరుతో సహా ఒక పూర్తి వాక్యం దక్కాలి.

ప్రశ్న రాసేటప్పుడు మన క్లయింట్ వైపు మొగ్గకండి. "మోసపూరితంగా ఇచ్చిన చెక్కు బౌన్స్ అయినప్పుడు" అని రాస్తే జవాబు సగం ప్రశ్నలోనే చెప్పేసినట్టు. అలాంటి మొగ్గు కోర్టుకిచ్చే రాతపూర్వక వాదనల్లో పనికొస్తుంది. మెమో చదివేది మన మనిషే, అతనికి కావలసింది అవతలి పక్షం ఏం చెబుతుందన్నది కూడా. ప్లెయింట్, రిప్లై నోటీసు వంటి వాటికి ఈ వరుసను తీసుకుపోవద్దు, వాటి నిర్మాణం వేరు. క్లయింట్‌కు పంపే ఒపీనియన్‌లో జవాబు ముందే ఉండవచ్చు గానీ, దాని పక్కనే "మీరు చెప్పిన ఈ సంగతులు నిజమన్న ఆధారం మీద" అన్న మాట ఉండాలి. తరువాత సంగతులు మారితే ఆ మాటే మిమ్మల్ని కాపాడుతుంది.

ఆ మొదటి పేజీ మే 19 సాయంత్రం సీనియర్ చేతికి వెళ్లిందనుకోండి. చర్చ భాగం తెరవకముందే ఆయన క్లయింట్‌కు ఫోన్ చేసి, రేపు పొద్దున ఖాతా పుస్తకం, ఫిబ్రవరి నెల బ్యాంకు స్టేట్‌మెంట్ తెమ్మంటారు. ఖాతాలో ఆ లక్ష 2024 ఆగస్టు నాటి పాత బిల్లుకు జమ అయి ఉంటే, ఏ బాకీకి అన్నది బిల్డర్ ప్రత్యేకంగా చెప్పకుండా డబ్బు పంపి ఉంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 60 ప్రకారం అలా జమ కట్టుకునే హక్కు క్లయింట్‌కు ఉంది. అప్పుడు మీరు మొదటి పేజీలో "చాలావరకు కాదు" అన్న చోట "చాలావరకు అవును" అని దిద్ది, ఆ ఖాతా పేజీని జతచేసి, శుక్రవారంలోగా ఫిర్యాదు సిద్ధం చేస్తారు. ఆ లక్ష ఈ బిల్లుకే జమ అయి ఉంటే దిద్దవలసిందేమీ లేదు, సివిల్ దావా కాగితాలు మొదలుపెట్టడమే.